బిజినెస్ అకౌంట్‌లో పాటలు ఎందుకు మాయమవుతాయి, క్రియేటర్‌కి మారిస్తే సరిపోతుందా

ప్రశ్న: మాది మంగళగిరిలో చేనేత చీరల షాపు. ఇన్‌స్టాలో పర్సనల్ అకౌంట్ ఉన్నప్పుడు సినిమా పాటలన్నీ వచ్చేవి. ఫోన్ నంబరు, డైరెక్షన్స్ బటన్ పెట్టుకుందామని బిజినెస్‌కి మార్చాక సగం పాటలు సెర్చ్‌లోనే రావట్లేదు. పాత రీల్స్‌లో ఒకదానికి సౌండ్ పోయింది. ఇంకోటి ఇక్కడ బానే వినబడుతుంది కానీ డల్లాస్‌లో ఉన్న కస్టమర్‌కి మ్యూట్‌లో వస్తుందంట. క్రియేటర్ అకౌంట్‌కి మార్చేస్తే అన్నీ వచ్చేస్తాయని ఒకరు చెప్పారు, నిజమేనా?

సమాధానం:

మారిస్తే పాటలు చాలావరకు మళ్ళీ కనబడతాయండి, అంతవరకు నిజమే. కానీ కనబడటం వేరు, షాపు వీడియోకి వాడుకునే హక్కు ఉండటం వేరు. అకౌంట్ మార్చినంత మాత్రాన ఆ హక్కు రాదు. నేను కొన్నేళ్ళు ఒక ఆడియో కంపెనీలో డిజిటల్ రైట్స్ చూసే డెస్క్ మీద పనిచేశా, ఇప్పుడు బట్టల షాపులకి, చిన్న బ్రాండ్లకి వీడియోల పని చూస్తున్నా కాబట్టి ఈ గొడవ రెండు వైపుల నుంచీ తెలుసు. కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ యాప్‌లో ఉన్న పాటలు అక్కడికి ఎలా వచ్చాయో చూడాలి. మన తెలుగు సినిమా పాటల్లో మామూలుగా జరిగేది ఏంటంటే, నిర్మాత ఆడియో హక్కులు ఏదో ఒక ఆడియో కంపెనీకి అమ్ముతాడు, ఆదిత్య గానీ లహరి గానీ టీ-సిరీస్ గానీ సోనీ గానీ. అక్కణ్ణుంచి ఆ పాట ఎవరు ఎక్కడ వాడుకోవాలన్నా ఆ కంపెనీతోనే మాట్లాడుకోవాలి. ఫేస్‌బుక్ వాళ్ళు ఇండియాలో 2019 మార్చిలో టీ-సిరీస్, జీ మ్యూజిక్, యశ్‌రాజ్ ఫిల్మ్స్‌తో ఒప్పందాలు చేసుకున్నారు, 2020 జూన్‌లో సరిగమతో చేసుకున్నారు, ఆ తర్వాతి నెల్లోనే రీల్స్ ఇండియాకి వచ్చింది. ఇట్లాంటి ఒప్పందాల్లో కంపెనీ ఇచ్చేది మామూలు జనాలు తమ పిల్లల పుట్టినరోజు వీడియోకో, ట్రిప్పు వీడియోకో పాట పెట్టుకునే అనుమతి. దానికి డబ్బు కట్టేది ఇన్‌స్టా, ఫేస్‌బుక్ రెండూ నడిపే మెటా, వాడుకునేది జనం. మెటా వాళ్ళ మ్యూజిక్ గైడ్‌లైన్స్‌లో ఈ మాట నేరుగానే రాసి ఉంటుంది, వ్యాపారం కోసం గానీ పర్సనల్ కాని ఇంకే అవసరానికి గానీ పాట వాడాలంటే మీరు విడిగా లైసెన్స్ తెచ్చుకోవాలి, లేకపోతే వాడకూడదు అని. గమనించండి, అక్కడ బిజినెస్ అకౌంట్ అని రాయలేదు, వ్యాపార అవసరం అని రాశారు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఆ తేడాలోనే ఉంది.

మరి కంపెనీలు అది కూడా కలిపి ఎందుకు ఇచ్చేయవు అంటే, పాటని యాడ్‌కి ఇవ్వటం అనేది వాళ్ళకి విడిగా ఉన్న వ్యాపారం. దాన్ని సింక్ లైసెన్స్ అంటారు, అంటే బొమ్మకి పాట జత చేసే అనుమతి. ఒక టూత్‌పేస్ట్ కంపెనీ హిట్ పాట ఒకటి యాడ్‌కి కావాలని వస్తే ఎన్ని సెకన్లు, ఎన్ని నెలలు, ఏ రాష్ట్రాలు, టీవీనా ఆన్‌లైన్‌నా, అన్నీ అడిగి రేటు చెప్తారు, అదే పాట అదే టైమ్‌లో ఇంకో టూత్‌పేస్ట్‌కి ఇవ్వకూడదని కండిషన్ కూడా ఉంటుంది. ఇప్పుడు ఆ పాటే యాప్ లైబ్రరీలోంచి ప్రతి షాపు ఫ్రీగా తీసి వాడుకుంటే, డబ్బులిచ్చి కొనేవాడు ఎందుకు ఇస్తాడు? పైగా 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, సినిమా హాల్లో సినిమాతో పాటు వినబడటం తప్ప మిగతా వాడకాల్లో గీత రచయితకి, సంగీత దర్శకుడికి రాయల్టీ వాటా ఉంది. దాన్ని వాళ్ళు రాసిచ్చేసినా చెల్లదు, చట్టమే అట్లా కాపాడింది. కాబట్టి ఫ్రీగా వాడేస్తే పోయేది పెద్ద కంపెనీ డబ్బు ఒక్కటే కాదు, ఆ పాట రాసినాయన వాటా కూడా. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది, పాట వల్ల చీర అమ్ముడుపోతుంటే పాట చేసినోళ్ళకి ఏదో ఒకటి వెళ్ళాల్సిందే.

ఇక యాప్ సంగతి. రోజుకి కోట్ల వీడియోలు పడుతుంటే వీటిలో ఏది అమ్మకం వీడియో, ఏది ఇంట్లో వీడియో అని ఒక్కొక్కటీ చూసి తేల్చలేరు కదా, అందుకని అకౌంట్ టైప్‌ని జల్లెడలా వాడతారు. బిజినెస్ అని మీరే చెప్పుకున్నారు కాబట్టి సినిమా పాటల లైబ్రరీ మూసి, మెటా సౌండ్ కలెక్షన్ అని ఉంటుంది, మెటా వాళ్ళు హక్కులు క్లియర్ చేసి పెట్టుకున్న మ్యూజిక్, అది ముందుకు తెస్తారు. కొన్ని బిజినెస్ అకౌంట్లలో సినిమా పాటలు కొన్ని ఇంకా కనబడుతుంటాయి, పక్క షాపుకి వచ్చిన పాట మనకి రాదు, నిన్న ఉన్నది ఇవాళ ఉండదు. కనబడుతుంది కదా, పర్మిషన్ ఉన్నట్టే కదా అనుకోకండి, జల్లెడ కన్నాల్లోంచి జారిపోయినవి కూడా అందులో ఉంటాయి. పర్సనల్, క్రియేటర్ అకౌంట్లకి జల్లెడ వదులుగా ఉంటుంది, అంతే. క్రియేటర్ అనేది డాన్స్ చేసేవాళ్ళు, వంటలు చేసేవాళ్ళు, ఆర్టిస్టులు, అట్లా మనుషుల కోసం పెట్టింది, షాపు కోసం కాదు.

మీ పాటలు పోయింది అకౌంట్ టైప్ వల్లేనా కాదా అని తేల్చుకోవాలంటే తేలిక పరీక్ష ఒకటుంది. ఇంట్లో ఎవరిదైనా పర్సనల్ అకౌంట్ ఉన్న ఫోన్ తీసుకోండి, రెండు ఫోన్లలో ఒకే టైమ్‌కి అదే పాట పేరు కొట్టండి. వాళ్ళకి వచ్చి మీకు రాకపోతే టైప్ వల్లే. ఇద్దరికీ రాకపోతే ఆ పాట లైబ్రరీలోంచే పోయింది, అది వేరే కథ, మీరు ఏ అకౌంట్‌కి మారినా రాదు.

లైబ్రరీలోంచి పోవటం ఎందుకు జరుగుతుందంటే ఆ ఒప్పందాలకి గడువు ఉంటుంది. గడువు అయిపోయి కొత్త రేటు దగ్గర తేడా వస్తే మొత్తం తీసేస్తారు. 2023 మార్చిలో ఇటలీలో అక్కడి పాటల రచయితల, సంగీత దర్శకుల సంఘం ఎస్ఐఏఈకి మెటాకి మధ్య ఒప్పందం రెన్యూ కాలేదు, ఆ సంఘం పాటలు ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లైబ్రరీల్లోంచి పోయాయి. 2024 ఫిబ్రవరి మొదట్లో యూనివర్సల్ మ్యూజిక్‌కి టిక్‌టాక్‌కి చెడింది, పెద్ద పెద్ద స్టార్ల పాటలు పెట్టిన పాత వీడియోలన్నీ మూగబోయాయి, మళ్ళీ మే నెలలో రాజీ పడ్డాకే వెనక్కి వచ్చాయి. ఇక్కడ చూడాల్సింది ఏంటంటే కొత్తగా పెట్టలేకపోవటమే కాదు, ఎప్పుడో పెట్టిన వీడియోల సౌండ్ కూడా పోయింది. ఎందుకంటే యాప్ లైబ్రరీ నుంచి పెట్టిన పాటకి అనుమతి అనేది ఆ ఒప్పందం బతికున్నంత కాలమే, మీరు పోస్ట్ చేసిన రోజుతో శాశ్వతం అయిపోదు.

ఇప్పుడు మీ సౌండ్ పోయిన రీల్ తెరవండి. కింద అకౌంట్ పేరు దగ్గర ఆడియో పేరు ఉంటుంది, దాన్ని నొక్కండి. అక్కడ పాట పేరు, సినిమా పేరు ఉండి ఈ ఆడియో అందుబాటులో లేదు అని వస్తే అది లైబ్రరీ నుంచి పెట్టినది, ఒప్పందం పోయో, మీరు బిజినెస్‌కి మారటం వల్లో ఆగిపోయింది. అట్లా కాకుండా మీ షాపు పేరుతో Original audio అని ఉంటే, ఆ పాట మీరు బయట ఎడిటింగ్ యాప్‌లో కలిపి వీడియోతో పాటు ఎక్కించింది అన్నమాట. ఇవి రెండూ పూర్తిగా వేరు, చాలామంది ఒకటే అనుకుంటారు.

బయట కలిపిన పాటని యాప్ ఎట్లా పడుతుందంటే, ఆడియో కంపెనీలు తమ పాటలన్నిటినీ మెటా వాళ్ళ రైట్స్ మేనేజర్ అనే సిస్టమ్‌లో ఎక్కించి ఉంచుతాయి. ప్రతి పాటకి వేలిముద్ర లాంటి గుర్తు తయారవుతుంది, ఎవరు ఏ వీడియో ఎక్కించినా దానితో పోల్చి చూస్తుంది. మీద మాటలు మాట్లాడినా, షాపులో ఫ్యాను సౌండ్ ఉన్నా, పాట కొంచెం స్పీడ్ పెంచినా చాలాసార్లు పట్టేస్తుంది. పట్టాక ఏం చెయ్యాలనేది పాట హక్కుదారు ముందే సెట్ చేసి పెట్టుకుంటాడు, వదిలేసి గమనిస్తూ ఉండొచ్చు, ఆపెయ్యొచ్చు, అది కూడా దేశాల వారీగా పెట్టుకోవచ్చు. డెస్క్ మీద మేము కూర్చున్నప్పుడు ఒక్కో సినిమా ఆల్బమ్‌కి ఈ దేశాల లిస్టు టిక్కులు పెట్టటం ఒక పని, కొన్ని సినిమాలకి ఓవర్సీస్ హక్కులు వేరే వాళ్ళకి ఉండేవి, అక్కడ మా రూల్ పనిచెయ్యదు, వాళ్ళది పనిచేస్తుంది.

మీ డల్లాస్ కస్టమర్‌కి మ్యూట్ అవ్వటం ఇదే. ఇండియాలో ఆ పాట హక్కుదారు వదిలేశాడు, అమెరికాలో ఆ పాట ఎవరి చేతిలో ఉందో వాళ్ళు ఆపేశారు, లేదా అక్కడికి మెటా ఒప్పందమే లేదు. మీ ఫోన్‌లో ఎన్నిసార్లు చూసినా మీకు తెలీదు, ఎందుకంటే మీరు మంగళగిరిలో ఉండి చూస్తున్నారు. నోటిఫికేషన్లలో కొన్ని దేశాల్లో మ్యూట్ చేశాం అని ఒక లైన్ వచ్చి ఉంటుంది, మనం ఆర్డర్ల మెసేజ్‌ల మధ్యలో దాన్ని దాటేసి ఉంటాం. సెట్టింగ్స్‌లో Account Status లోకి వెళ్ళి ఒకసారి చూడండి. ఎన్నారై కస్టమర్లు ఉన్న షాపులకి నేను చెప్పేది ఏంటంటే, కొత్త రీల్ పెట్టిన రోజే అక్కడ తెలిసిన ఒకరికి పంపి సౌండ్ వస్తుందా అని అడిగి తెలుసుకోండి, ఇంతకంటే నమ్మకమైన పద్ధతి మనకి వేరే లేదు.

ఇక క్రియేటర్‌కి మారటం గురించి. సెట్టింగ్స్‌లో Switch account type నొక్కితే అయిపోద్ది, నిమిషం పని. పాటలు వస్తాయి. కానీ మీ బయోలో షాపు అడ్రస్ ఉంది, రీల్‌లో చీర ధర చెప్తున్నారు, ఆర్డర్లకి వాట్సాప్ నంబర్ ఉంది. ఆడియో కంపెనీ మనిషి దాన్ని చూస్తే అకౌంట్ టైప్ ఏంటో వెతకడు, చీర అమ్ముతున్నారా లేదా అనే చూస్తాడు. యాప్‌లో పాట ఉంది కాబట్టే వాడాం అనే వాదన అమెరికాలో ఒక కోర్టు దాకా వెళ్ళింది. బ్యాంగ్ అనే ఎనర్జీ డ్రింక్ కంపెనీ టిక్‌టాక్ వీడియోల్లో హిట్ పాటలు వాడింది, యూనివర్సల్ వాళ్ళు కేసేశారు, టిక్‌టాకే ఆ పాటలు అందుబాటులో పెట్టింది కదా, వాటికి లైసెన్స్ ఉందనుకున్నాం అని కంపెనీ చెప్పుకుంది. 2022 జూలైలో ఫ్లోరిడా కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, కంపెనీ సొంతంగా పెట్టిన వీడియోలు కాపీరైట్ ఉల్లంఘనే అని తేల్చింది. తర్వాత 2024లో సోనీ మ్యూజిక్ మారియట్ హోటళ్ళ మీద, 2025లో వార్నర్ మ్యూజిక్ క్రంబుల్ అనే కుకీ షాపుల కంపెనీ మీద ఇట్లాంటి సోషల్ మీడియా వీడియోల గురించే కేసులు వేశాయి, మారియట్ కేసు 2024లోనే వెనక్కి తీసుకున్నారు.

అవన్నీ పెద్ద కంపెనీలు, మంగళగిరి షాపు మీద ఎవరు కేసేస్తారు అంటారా, నిజమే, చిన్న షాపుకి ఎక్కువగా జరిగేది వీడియో మ్యూట్ అవ్వటం, తీసెయ్యటం, పదే పదే జరిగితే అకౌంట్ మీద ఆంక్షలు పడటం. కానీ మన చట్టంలో కూడా దారి ఉంది. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 55 కింద హక్కుదారు ఆపుదల ఉత్తర్వు, నష్టపరిహారం అడగొచ్చు, తెలిసి చేశారని తేలితే సెక్షన్ 63 క్రిమినల్ కూడా. కొన్ని ఆడియో కంపెనీల తరఫున లాయర్లు బ్రాండ్లకి నోటీసులు పంపి ఇన్ని రీల్స్ వాడారు, ఇంత కట్టండి అని అడగటం నేను దగ్గర్నుంచి చూశా. ఆ నోటీసుకి జతగా ఏముంటుందో తెలుసా, ప్రతి రీల్ లింకు, స్క్రీన్ రికార్డింగ్, వ్యూస్ ఎన్ని, డేటు ఎంత, అన్నీ ఉన్న టేబుల్. అంటే వీడియో తీసేసినా వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది. 15 సెకన్ల లోపు అయితే పర్లేదు, క్రెడిట్ ఇచ్చాం కదా, హక్కులు మావి కావు అని క్యాప్షన్‌లో రాశాం కదా, ఇవేవీ చట్టంలో లేవండి. క్రెడిట్ ఇచ్చాక ఇంకా స్పష్టంగా తేలేది ఏంటంటే అది ఎవరి పాటో మీకు తెలుసు అని.

ఇన్‌ఫ్లుయెన్సర్ చేత చేయించి కొలాబ్ పెట్టినా ఇదే లెక్క. ఆ అమ్మాయిది క్రియేటర్ అకౌంట్, పాట వస్తుంది, కానీ మీరు చీరో డబ్బో ఇచ్చారు, వీడియో మీ ప్రొఫైల్‌లో కూడా కనబడుతుంది, అది మీ యాడే. పైగా ఒక ప్రాక్టికల్ నష్టం కూడా ఉంది. రీల్ బాగా పోతుంది, డబ్బులు పెట్టి బూస్ట్ చేద్దాం అనుకుంటారు, కాపీరైట్ ఉన్న మ్యూజిక్ ఉంటే బూస్ట్ అవ్వదు. షూట్‌కి, మోడల్‌కి, ఎడిటింగ్‌కి పెట్టిన ఖర్చంతా పెట్టాక, పండగ సీజన్‌లో దాన్ని యాడ్‌గా వాడలేకపోవటం అనేది నేను ఎక్కువగా చూసే నష్టం. అందుకే ఎవరితో చేయించినా పాట లేని వెర్షన్ కూడా ఇవ్వమని ముందే అడిగి తీసుకోండి. వీడియో ఒక ఫైలు, మాటలు ఒక ఫైలు, మ్యూజిక్ ఒక ఫైలు విడివిడిగా ఉంటే రేపు మ్యూట్ అయినా పది నిమిషాల్లో వేరే మ్యూజిక్ వేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. వ్యూస్, కామెంట్లు పోతాయి, అది తప్పదు, కానీ షూట్ మిగులుతుంది.

మరి ఏం వాడాలి అంటే, మొదటిది ఆ సౌండ్ కలెక్షనే. తెలుగు సినిమా పాట ఊపు అందులో రాదు, ఒప్పుకుంటా, కానీ వీణ, ఫ్లూటు, తబలా అని ఇంగ్లీషులో కొట్టి వెతికితే చీరల వీడియోకి పనికొచ్చేవి దొరుకుతాయి, మాట్లాడుతూ చీర చూపించే వీడియోలో మ్యూజిక్ ఎట్లాగూ వెనకే ఉంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ మ్యూజిక్ మెటా వాళ్ళ యాప్‌లకే. అదే ఫైలు యూట్యూబ్‌లో వేస్తే ఆ అనుమతి వర్తించదు, యూట్యూబ్‌కి వాళ్ళ ఆడియో లైబ్రరీ వేరే ఉంది. మీ మగ్గం శబ్దం కూడా వాడండి. గుంట మగ్గం దగ్గర మైకు పెట్టి ఒక అరగంట రికార్డు చేసి ఉంచుకుంటే అది మీ సొంత ఆడియో, ఎవరూ ఆపలేరు, చేనేత షాపుకి అంతకంటే సూటయ్యే సౌండ్ నాకైతే తోచట్లేదు.

చాలామంది నన్ను అడిగేది కీర్తనల గురించి. అన్నమయ్య 500 ఏళ్ళ కిందటి ఆయన, త్యాగయ్య 1847లో పోయారు, ఇంక కాపీరైట్ ఏముంది అని. ఇందులో మూడు పొరలున్నాయి. సాహిత్యం అందరిదీ, అది నిజం. రికార్డింగ్ మాత్రం పాడించి విడుదల చేసిన కంపెనీది, విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు దానికి హక్కు ఉంటుంది, కాబట్టి యూట్యూబ్ నుంచి దింపిన కీర్తన వేస్తే మ్యూట్ అవ్వటం మామూలే. మధ్యలో ఇంకో పొర ఉంది, బాణీ. త్యాగరాజ కీర్తనలు శిష్య పరంపరలో స్వరంతో సహా వచ్చాయి. కానీ అన్నమయ్య రాగి రేకుల్లో రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు, ఇవాళ మనం పాడుకునే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో విద్వాంసులు కట్టినవి. అట్లా కట్టినవాళ్ళలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు, నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో పోయారు, మన చట్టంలో స్వరకర్త పోయాక ఇంకా 60 ఏళ్ళు ఆయన సంగీతానికి హక్కు ఉంటుంది. అందుకని షాపు వీడియోకి కీర్తన కావాలంటే పాత త్యాగరాజ కీర్తన ఒకటి ఊళ్ళో సంగీతం నేర్చుకున్న అమ్మాయి చేత పాడించి మీరే రికార్డు చేసుకోవటం అన్నిటికంటే సేఫ్. సినిమా పాటకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. సొంతంగా పాడించినా బాణీ, సాహిత్యం వేరేవాళ్ళవి కదా.

షాపుకి సొంత మ్యూజిక్ చేయించుకోవటం ఇంకా మంచిది. విజయవాడలో, హైదరాబాద్‌లో షార్ట్ ఫిల్మ్స్‌కి మ్యూజిక్ చేసే కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, అర నిమిషం మ్యూజిక్ నాలుగైదు రకాలుగా చేసి ఇస్తారు. ఇక్కడ కాగితం దగ్గర తేడా చేస్తారు జనాలు. డబ్బులు ఫోన్‌పే కొట్టి ఫైలు వాట్సాప్‌లో తీసుకుంటే హక్కు మీ పేరు మీదకి వచ్చిందని గట్టిగా చెప్పలేం, చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కు రాసివ్వటం అనేది సంతకంతో రాతలో ఉండాలి. ఆ రాతలో ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళే అని, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అని అదే సెక్షన్ చెప్తుంది. అమెరికా కస్టమర్లు ఉన్నారు కాబట్టి మీరు ప్రపంచమంతా అని రాయించుకోవాలి. ఇంకోటి, రాసిచ్చిన ఏడాది లోపు వాడకపోతే ఆ హక్కు పోతుంది, వేరేగా రాసుకుంటే తప్ప. అందుకని ఆ ఏడాది రూలు మాకు వర్తించదు అని కూడా ఒక లైన్ పెట్టించండి. గొంతు ఎవరిదైనా ఉంటే వాళ్ళ సంతకం కూడా.

ఆ కుర్రాణ్ణి ఒక ప్రశ్న తప్పకుండా అడగండి, రెడీమేడ్ లూపులు ఏమన్నా వాడావా అని. డోలు బీటు, ఫ్లూటు ముక్క లాంటివి ప్యాకుల్లో కొనుక్కుని వాడతారు, అది తప్పేం కాదు, కానీ అదే లూపు వాడి ఇంకెవరో పాట చేసి రైట్స్ మేనేజర్‌లో ఎక్కించి ఉంటే మీ సొంత మ్యూజిక్‌కి వాళ్ళ పేరుతో క్లెయిమ్ వస్తుంది. అప్పుడు మీరు డిస్ప్యూట్ వెయ్యాలి, దానికి లూపు ప్యాక్ లైసెన్సు, ట్రాకులు విడివిడిగా ఉన్న ఫైళ్ళు, మీ అగ్రిమెంట్ దగ్గరుండాలి. పని అయిన రోజే తీసుకుని పెట్టుకోండి, ఏడాది తర్వాత అడిగితే ఆ హార్డ్ డిస్కు ఎక్కడుందో వాళ్ళకే తెలీదు.

ఇప్పుడు పాత రీల్స్. సినిమా పాటతో ఉన్నవన్నీ ఒకసారి చూసుకోండి, ధర చెప్పినవి, స్టాక్ చూపించినవి, ఆఫర్లు పెట్టినవి ముందు తీసెయ్యండి లేదా ఆర్కైవ్ చెయ్యండి, ఒరిజినల్ వీడియో ఉంటే వేరే మ్యూజిక్‌తో మళ్ళీ ఎక్కించండి. బిజినెస్ అకౌంట్ అలాగే ఉంచుకోండి, డైరెక్షన్స్ బటన్లు, యాడ్లు మీకు అవసరమే కదా.

ఒక్క పాట మాత్రం కావాల్సిందే, అది లేకపోతే కుదరదు అనుకుంటే ఆ ఆడియో కంపెనీ లైసెన్సింగ్ వాళ్ళకి మెయిల్ పెట్టండి. పాట, సినిమా పేరు, ఎన్ని సెకన్లు, ఏ హ్యాండిల్‌లో, ఎన్ని నెలలు, ఏ దేశాలు, బూస్ట్ చేస్తారా లేదా, ఇవన్నీ మొదటి మెయిల్‌లోనే రాస్తే జవాబు త్వరగా వస్తుంది. సాహిత్యం, సంగీతం హక్కులు కూడా ఇందులో కలిసే ఉన్నాయా అని అడిగి రాతలో తీసుకోండి. సినిమాలో బొమ్మ గానీ హీరోయిన్ ఫోటో గానీ వాడాలంటే అది ఈ లైసెన్స్‌లో రాదు. ఇంక డబ్బు కట్టాక మీ ఇన్‌స్టా, ఫేస్‌బుక్ హ్యాండిల్స్‌ని వాళ్ళ రైట్స్ మేనేజర్‌లో అనుమతి లిస్టులో పెట్టించండి, పెట్టామని మెయిల్ వచ్చేదాకా రీల్ ఎక్కించొద్దు. లైసెన్స్ చేతిలో ఉన్నా ఆ లిస్టులో మీ పేరు లేకపోతే సిస్టమ్ మామూలుగానే మ్యూట్ చేసేస్తుంది, లైసెన్స్ ఇచ్చే డిపార్ట్‌మెంటు, ఆ లిస్టు చూసే డిపార్ట్‌మెంటు కంపెనీలో వేరువేరు, వాళ్ళంతట వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోరు.